గుంటూరు మసాలా కంపెనీలో క్వాలిటీ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగం: ఇంతకుముందు చేసినవాళ్ల ప్రొఫైళ్లు చూసి ఎదుగుదల అంచనా వేయవచ్చా?

హరిత (విజయవాడ)

అందరికీ నమస్కారం. నేను బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ బీటెక్ చేశాను. మూడేళ్లుగా విజయవాడ దగ్గర ఒక డెయిరీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తున్నాను. గుంటూరు శివార్లలో కారంపొడి, మిర్చి నుంచి తీసే సారమైన ఓలియోరెసిన్ ఎగుమతి చేసే ఒక కంపెనీ నన్ను క్వాలిటీ ఎగ్జిక్యూటివ్‌గా రమ్మంటోంది. జీతం ఇప్పటికంటే మూడు వేలు ఎక్కువ, అంతే. రోజూ రైల్లో వెళ్లి రావాలి, లేదంటే గుంటూరులో గది తీసుకోవాలి. ఎలా చూసినా ఆ మూడు వేలు మిగలవు. అక్కడి నుంచి ముందుకు దారి ఉంటేనే మారడంలో అర్థముంది.

ఇంటర్వ్యూలో అడిగితే బాగా పనిచేసేవాళ్లకు ఎదుగుదల ఉంటుందన్నారు. ఏ కంపెనీ అయినా ఇదే మాట చెబుతుంది. అందుకని లింక్డ్‌ఇన్‌లో ఆ కంపెనీలో ఇదే హోదాలో పనిచేస్తున్నవాళ్లను, పనిచేసి వెళ్లిపోయినవాళ్లను వెతికాను. మొత్తం 23 మంది దొరికారు. వారిలో లోపలే పై హోదాకు వెళ్లినవాళ్లు ఐదుగురు. అంటే నలుగురైదుగురిలో ఒకరికే అవకాశం వస్తున్నట్టు. ఇది తక్కువని నాకు అనిపిస్తోంది. ఈ లెక్క ఇలాగే చూడాలా? ఇలాంటివి చూసి నిర్ణయం తీసుకున్నవాళ్లు ఉంటే చెప్పండి.

రవి (బ్రాడీపేట)

హరిత గారూ, మీరు లెక్క కింది నుంచి మొదలుపెట్టారు. పై నుంచి చూడండి. ఆ కంపెనీలో ఇప్పుడు క్వాలిటీ మేనేజర్, డిప్యూటీ మేనేజర్ హోదాల్లో ఎవరున్నారో, వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో చూస్తే విషయం తేలిపోతుంది. అక్కడే ఎగ్జిక్యూటివ్‌గా మొదలుపెట్టినవాళ్లు పైన కూర్చుంటే ఆ కంపెనీ సొంత మనుషులను పెంచుతున్నట్టే. అందరూ బయటివాళ్లయితే ఆశ వదులుకోవచ్చు. నేను మందుల కంపెనీలో చేరేముందు ఇలాగే చూశాను, నాకు బాగానే పనిచేసింది.

హరిత

రవి గారూ, అదీ చూశాను. మేనేజర్ స్థాయిలో ముగ్గురు కనిపిస్తున్నారు. ఇద్దరు అక్కడే ఎగ్జిక్యూటివ్‌గా చేరి పైకి వచ్చినవాళ్లు. ఒకరు బయటి నుంచి వచ్చారు.

రవి

ముగ్గురిలో ఇద్దరు సొంతవాళ్లే. ఇంకేం కావాలి? చేరిపోండి.

నరసింహం (అరండల్‌పేట)

అమ్మా హరితా, ఇవన్నీ ఎందుకు? ప్రతి శాఖలో సీనియారిటీ జాబితా ఉంటుంది. అది తీసుకుని మీ పైన ఎంతమంది ఉన్నారో, వాళ్లలో ఎవరెవరు ఎప్పుడు పదవీ విరమణ చేస్తారో చూస్తే మీ వంతు ఏ సంవత్సరంలో వస్తుందో ఇప్పుడే చెప్పవచ్చు. మా రెవెన్యూలో డిప్యూటీ తహసీల్దారుగా చేరినవాడు తహసీల్దారు ఎప్పుడవుతాడో అలాగే లెక్కవేసుకునేవాళ్లం.

హరిత

నరసింహం గారూ, ఇది ప్రైవేటు కంపెనీ అండి. అలాంటి జాబితా బయటకు రాదు. అది లేకనే ఈ ప్రొఫైళ్ల మీద పడ్డాను.

శారద (మొగల్రాజపురం)

నియామకాల పనిలో పద్నాలుగేళ్లుగా ఉన్నాను. విజయవాడ, గుంటూరు ఫ్యాక్టరీలకే ఎక్కువగా మనుషులను చూసిపెడతాను. హరిత వేసిన లెక్కలోనూ రవి గారి లెక్కలోనూ ఒక్కొక్క ఇబ్బంది ఉంది.

ముందు రవి గారిది. పైనున్న ముగ్గురిని చూస్తే, గెలిచినవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో మాత్రమే తెలుస్తుంది. వాళ్లతోపాటే బయలుదేరినవాళ్లు ఏమయ్యారో తెలియదు. చాలా ఫ్యాక్టరీల్లో మేనేజర్లలో చాలామంది ఒకప్పటి ఎగ్జిక్యూటివ్‌లే. ఎగ్జిక్యూటివ్‌లలో ఎంతమంది మేనేజర్లయ్యారన్నది వేరే ప్రశ్న, హరితకు కావలసింది అదే. ముగ్గురిలో ఇద్దరు అన్న మాటా నిజమే, ఇరవైమందిలో ఇద్దరు అన్న మాటా నిజమే. రెండూ ఒకే కంపెనీ గురించి చెబుతున్నాయి.

ఇక హరిత లెక్క. దిశ సరైనదే, కానీ 23 మందినీ ఒకే కుప్పలో పోశావు. నిరుడు చేరినమ్మాయికి పదోన్నతి రాలేదని కంపెనీ ఖాతాలో రాయలేము కదా, ఆమెకు ఇంకా సమయమే రాలేదు. పదోన్నతి వచ్చిన ఆ ఐదుగురికీ చేరిన ఎన్నేళ్లకు వచ్చిందో చూడు. కనీసం అంత కాలం గడిచినవాళ్లనే లెక్కలో ఉంచు. మిగతావాళ్లను పక్కన పెట్టు, వాళ్లు ఇంకో పనికి వస్తారు.

వెళ్లిపోయినవాళ్లను మాత్రం తీసేయకు. వాళ్లు ఏ హోదాతో వెళ్లారన్నదే ఒక్కోసారి లోపలి పదోన్నతికంటే ఎక్కువ చెబుతుంది. లోపల ఇచ్చే హోదాకు ఖర్చు లేదు, 'సీనియర్' అన్న మాట చేర్చి అదే పని చేయించుకోవచ్చు. బయటి కంపెనీ ఊరికే పెద్ద హోదా ఇవ్వదు.

చేరిన సంవత్సరం, వెళ్లిన సంవత్సరం, లోపల హోదా మారిన సంవత్సరం, వెళ్లాక వచ్చిన మొదటి హోదా. ఈ నాలుగూ ఒక్కొక్కరికి రాసుకుని మళ్లీ ఇక్కడికి రా.

చైతన్య

ఇంత చేతిపని ఎందుకు? ప్రొఫైళ్లన్నీ ఒకేసారి ఎక్సెల్‌లోకి లాగేసే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి. పది నిమిషాల్లో అయిపోతుంది.

శారద

చైతన్యా, వద్దు. అలాంటి సాధనాలను లింక్డ్‌ఇన్ నిబంధనలు ఒప్పుకోవు, ఖాతా ఆపేస్తారు. ఉద్యోగం వెతికే సమయంలో ఖాతా పోతే నష్టం ఆమెకే. పైగా ఇరవై ప్రొఫైళ్లు కళ్లతో చదవాల్సినవే. ఎక్స్‌టెన్షన్ హోదా పేరు తెచ్చిపెడుతుంది, దాని కింద ఆ మనిషి తన పని గురించి రాసుకున్న రెండు లైన్లు మనకు ముఖ్యం.

వెతకడం గురించి ఒక మాట. కంపెనీ పేజీలో People చూస్తే ప్రధానంగా ఇప్పుడున్నవాళ్లే వస్తారు. వెళ్లిపోయినవాళ్ల కోసం మనుషుల వెతుకులాటలో Past company అన్న ఫిల్టర్ పెట్టాలి. ఉచిత ఖాతాకు నెలలో కొన్ని వెతుకులాటల తర్వాత అడ్డు పడుతుంది, మళ్లీ ఒకటో తేదీకి తెరుచుకుంటుంది. అప్పటిదాకా గూగుల్‌లో ఇలా వెతకవచ్చు:

```
site:linkedin.com/in "quality executive" "కంపెనీ పేరు ఇంగ్లీషులో" Guntur
```

హోదా పేరు రకరకాలుగా మార్చి చూడాలి. ఒకరు `QA executive` అని, ఒకరు `QC chemist` అని, ఇంకొకరు `quality assurance officer` అని రాసుకుంటారు. పని ఒకటే.

హరిత

నేను ఒక్క పేరుతోనే వెతకలేదు శారద గారూ, క్యూసీ కెమిస్టు అని కూడా చూశాను. ఆ 23 మందిలో వాళ్లూ ఉన్నారు. నా పట్టిక ఇక్కడ పెడుతున్నాను.

[ఈ పోస్టులోని పట్టికను మోడరేటర్ తొలగించారు]

మోడరేటర్

హరిత గారూ, పట్టికలో మనుషుల పూర్తి పేర్లు, ప్రొఫైల్ లింకులు ఉన్నాయి కాబట్టి తీసేశాను. వాళ్లు తమ వివరాలు తాము బహిరంగంగా పెట్టుకున్నది నిజమే. వాటిని వరుసగా పేర్చి, ఎవరికి పదోన్నతి రాలేదో గుర్తుపెట్టి మనం ఇక్కడ వేలాడదీయడం వేరు. కంపెనీ పేరు కూడా రాయవద్దు. సంవత్సరాలు, హోదాలు, సంఖ్యలు రాయండి, చర్చకు అవి చాలు.

హరిత

సరేనండి, పేర్లు లేకుండా రాస్తున్నాను.

పదోన్నతి వచ్చిన ఐదుగురికీ చేరిన రెండేళ్ల నుంచి నాలుగేళ్ల లోపు వచ్చింది. అందుకని 2021 లోపు చేరినవాళ్లనే తీసుకున్నాను. 2022 నుంచి చేరిన తొమ్మిదిమందిని పక్కన పెట్టాను. మిగిలింది 14 మంది.

ఆ 14 మందిలో ఐదుగురు లోపలే పైకి వెళ్లారు. ఆరుగురు ఎగ్జిక్యూటివ్‌గానే ఉండి బయటకు వెళ్లిపోయారు. ముగ్గురు ఇంకా అదే హోదాలో ఉన్నట్టు కనిపిస్తోంది. అంటే మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. ముందు అనుకున్నంత తక్కువేమీ కాదు. కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

రవి

చూశారా, నేను చెప్పింది అదే.

శారద

ఇంకా కాదు. 14 మందితో వంతులూ శాతాలూ మాట్లాడవద్దు. ఒక్క మనిషి అటు ఇటు అయితే అంకె మొత్తం మారిపోతుంది. ఇంత చిన్న జాబితాలో చూడాల్సింది తేదీలు. ఆ ఐదుగురికి హోదా మారింది ఏ సంవత్సరాల్లో?

హరిత

ఇప్పుడు వరుసగా పేర్చి చూశాను. నలుగురికి 2018, 2019 సంవత్సరాల్లోనే. ఐదో మనిషి 2019లో చేరారు, 2023లో హోదా మారింది.

చేరిన సంవత్సరాన్ని బట్టి విడదీస్తే ఇలా ఉంది. 2014 నుంచి 2017 వరకు చేరిన ఏడుగురిలో నలుగురు పైకి వెళ్లారు, ఇద్దరు బయటకు వెళ్లారు, ఒకరు అదే హోదాలో ఉన్నారు. 2018 నుంచి 2021 వరకు చేరిన ఏడుగురిలో ఒక్కరే పైకి వెళ్లారు, నలుగురు బయటకు వెళ్లారు, ఇద్దరు అదే హోదాలో ఉన్నారు.

శారద

2018లో ఆ కంపెనీలో ఏం జరిగింది? పైకి వెళ్లినవాళ్ల ప్రొఫైళ్లలో కొత్త హోదా కింద ఏం రాసుకున్నారో చదువు.

హరిత

నలుగురిలో ముగ్గురు రెండో యూనిట్ గురించి రాశారు. ఒకరు రెండో యూనిట్‌లో క్వాలిటీ వ్యవస్థను మొదటి నుంచి ఏర్పాటు చేశామని, ఒకరు కొత్త యూనిట్ ఆడిట్లు చూశామని. కంపెనీ వెబ్‌సైటులో కూడా రెండో యూనిట్ 2018లో మొదలైందని ఉంది.

శారద

నీ ప్రశ్నకు జవాబులో సగం ఇదే. యూనిట్‌కు క్వాలిటీ మేనేజర్ ఒకరే ఉంటారు, కింద ఒకరిద్దరు అసిస్టెంట్ మేనేజర్లు. పైనున్న మనిషి కదిలితేనో కొత్త యూనిట్ వస్తేనో తప్ప ఖాళీ పుట్టదు. 2018లో ఒకేసారి కొన్ని కుర్చీలు వచ్చాయి, అప్పటికి రెండు మూడేళ్లు పనిచేసి ఉన్నవాళ్లు వాటిలో కూర్చున్నారు. వాళ్ల ప్రతిభను నేను తక్కువ చేయడం లేదు. తర్వాత వచ్చిన ఏడుగురికి ఆ కుర్చీలు నిండి కనిపించాయి. వాళ్లలో నలుగురు వెళ్లిపోయారు.

2020, 21లో కోవిడ్ వల్ల చాలాచోట్ల పదోన్నతులు ఆగాయి, అది కూడా మనసులో ఉంచుకో. అయినా ఆ తర్వాతి సంవత్సరాల్లోనూ ఒక్కరే కదిలారు. కాబట్టి కంపెనీని అడగాల్సింది ఎదుగుదల ఉందా అని కాదు. మూడో యూనిట్‌కు స్థలం తీసుకున్నారా, ఇప్పుడున్న మేనేజర్లు ఎన్నేళ్లుగా ఆ సీట్లో ఉన్నారు, ఇవి అడగాలి. రెండోది నువ్వే ప్రొఫైళ్లలో చూసుకోవచ్చు.

ఇంకొకటి కూడా చూడు. పక్కన పెట్టిన ఆ తొమ్మిదిమందిలో ఏడాది కూడా ఉండకుండా వెళ్లినవాళ్లు ఉన్నారా? ఉంటే జాగ్రత్తపడాలి. ఈ సీటు పదేపదే ఎందుకు ఖాళీ అవుతోందో తెలుసుకోవాలి.

హరిత

ముగ్గురు ఉన్నారు. ముగ్గురూ నాలుగైదు నెలలే పనిచేశారు. ఇది చూసి భయమేసింది.

మస్తాన్ వలి (గుంటూరు)

మీ చర్చ మొదటి నుంచి చదువుతున్నాను. నేను ఇక్కడే వేరే కారం ఫ్యాక్టరీలో క్వాలిటీలో పదేళ్లుగా ఉన్నాను. హరిత గారూ, ఆ ముగ్గురూ ఏ నెలలో చేరి ఏ నెలలో వెళ్లారో చూడండి.

హరిత

ఒకరు జనవరిలో చేరి మేలో వెళ్లారు. ఇద్దరు ఫిబ్రవరి నుంచి మే వరకు ఉన్నారు. వేర్వేరు సంవత్సరాల్లో.

మస్తాన్ వలి

అయితే భయపడకండి. అది సీజను నియామకం. మిర్చి యార్డుకు సరుకు ఉద్ధృతంగా వచ్చేది ఆ నెలల్లోనే. మే నెలలో యార్డుకు వేసవి సెలవులు ఇస్తారు. ఆ నాలుగు నెలలు యార్డులోనూ కోల్డ్ స్టోరేజీల దగ్గరా లాట్లు చూడటానికి, శాంపిల్ తీయడానికి, తేమ, రంగు చూడటానికి కంపెనీలు తాత్కాలికంగా కుర్రాళ్లను తీసుకుంటాయి. వాళ్లు ప్రొఫైల్‌లో క్వాలిటీ ఎగ్జిక్యూటివ్ అనే రాసుకుంటారు, అందులో తప్పు లేదు. కానీ వాళ్లు పారిపోయారని మీరు అనుకుంటే ఆ కంపెనీకి అన్యాయం చేసినట్టవుతుంది. ఆగస్టులో చేరి డిసెంబరులో వెళ్లినవాళ్లు ఉంటే అప్పుడు అనుమానించండి.

శారద

వలి గారూ, ఇది నాకు తట్టలేదు. నేను ఎక్కువగా చూసేది ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీలు. చేరిన నెల, వెళ్లిన నెల కూడా రాసుకోవాలన్నమాట.

మస్తాన్ వలి

ఇంకో సంగతి చెప్పాలి, ఇది నా సొంత విషయం. నేను షిఫ్ట్ కెమిస్టుగా చేరి ఇప్పుడు అసిస్టెంట్ మేనేజర్‌గా ఉన్నాను. నాకు లింక్డ్‌ఇన్ ఖాతా లేదు. మా క్వాలిటీ విభాగంలో పదకొండుమందిమి, ఖాతా ఉన్నది నలుగురికి. ఆ నలుగురూ ఉద్యోగం మారాలనుకున్నప్పుడు తెరిచినవాళ్లే. రేపు ఎవరైనా మా కంపెనీ గురించి మీలాగే లెక్క తీస్తే వెళ్లిపోవాలనుకున్నవాళ్లు కనిపిస్తారు, నాలాగా లోపలే పైకి వచ్చినవాడు కనిపించడు. అప్పుడు మా కంపెనీలో ఎదుగుదల లేదని తేలుతుంది. అది నిజం కాదు.

రవి

వలి గారి మాటతో ఈ పద్ధతే కొట్టుకుపోయింది కదా. కనిపించనివాళ్లు కనిపించేవాళ్లకంటే ఎక్కువైతే ఇక లెక్క దేనికి?

శారద

కొట్టుకుపోలేదు, ఏ వైపు వంగి ఉందో తెలిసింది. ఉండిపోయినవాళ్లు తక్కువగా కనిపిస్తారు, కనిపించినా పాత హోదాతోనే ఉంటారు. పదోన్నతి వచ్చిందని ప్రొఫైల్ తెరిచి మార్చేవాళ్లు మన ఫ్యాక్టరీల్లో తక్కువ. ఉద్యోగం వెతుక్కునే రోజున అన్నీ ఒకేసారి మారుస్తారు. కాబట్టి హరిత జాబితాలో అదే హోదాలో ఉన్న ఆ ముగ్గురినీ నమ్మకూడదు. చివరిసారి ఎప్పుడు ఏదైనా పోస్టు చేశారో, ఎవరికైనా స్పందించారో చూడాలి. ఐదేళ్లుగా అలికిడి లేని ప్రొఫైల్‌లో ఉన్న 'ఇప్పటి వరకు' అన్న మాటకు విలువ లేదు.

వెళ్లిపోయినవాళ్ల వివరాలు మాత్రం తాజాగా ఉంటాయి. వాళ్లు ఎక్కడికి, ఏ హోదాకు వెళ్లారన్న ప్రశ్నకు ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. లోపల ఎంతమంది ఎదిగారన్న ప్రశ్నకు అంతంతమాత్రమే.

ఎంతమంది కనిపించడం లేదో ఉజ్జాయింపుగా తెలుసుకోవడానికి ఈపీఎఫ్‌వో వెబ్‌సైటు ఉంది. అందులో సంస్థ పేరుతో వెతికితే ఏ నెలలో ఎంతమందికి పీఎఫ్ కట్టారో కనిపిస్తుంది. అందరూ చూడవచ్చు.

హరిత

చూశాను. ఈ మధ్య నెలల్లో రెండు వందల పైచిలుకు ఉంది. లింక్డ్‌ఇన్‌లో కంపెనీ మొత్తానికి కనిపిస్తున్నది అరవైమంది.

మస్తాన్ వలి

ఆ రెండు వందల్లో కాంట్రాక్టర్ దగ్గర పనిచేసేవాళ్లు ఉండకపోవచ్చు, వాళ్లకు పీఎఫ్ కాంట్రాక్టర్ పేరు మీద కడతారు. రెండు యూనిట్లకూ ఒకే పీఎఫ్ కోడ్ ఉందో లేదో కూడా చూడండి. ఎలా చూసినా ముగ్గురిలో ఇద్దరు మీకు కనిపించడం లేదు. అయితే వాళ్లలో ఎక్కువమంది మెషీన్ల మీద, గోదాముల్లో ఉండేవాళ్లు. క్వాలిటీలో చదువుకున్నవాళ్లు కాబట్టి ఇంత లోటు ఉండదు.

చైతన్య

ఒక సందేహం. ఇన్ని ప్రొఫైళ్లు తెరిస్తే వాళ్లకు తెలియదా? ఇంటర్వ్యూ చేసిన మేనేజరుకు కూడా?

శారద

తెలుస్తుంది. సెట్టింగ్స్‌లో Visibility కింద Profile viewing options ఉంటుంది, అక్కడ Private mode పెట్టుకుంటే పేరు కనిపించదు. ఉచిత ఖాతా అయితే అలా ఉన్నంతకాలం నీ ప్రొఫైల్ ఎవరు చూశారో నీకూ కనిపించదు. నా అభిప్రాయంలో దాచుకోవాల్సిన పనేమీ లేదు. చేరబోయే చోటు గురించి తెలుసుకునే అభ్యర్థి అంటే నాకు గౌరవమే. అందరు మేనేజర్లూ అలా అనుకోరు, అది నిజం.

హరితా, ఇప్పుడు బయటకు వెళ్లిపోయిన ఆ ఆరుగురి సంగతి చెప్పు.

హరిత

ఆరుగురిలో నలుగురు పై హోదాకు వెళ్లారు. ఇద్దరు కొచ్చి వైపు ఓలియోరెసిన్ కంపెనీలకు, ఒకరు హైదరాబాదులో ఆహార పరీక్షల ల్యాబ్‌కు, ఒకరు గల్ఫ్‌కు. మిగిలిన ఇద్దరూ అదే హోదాతో ఇక్కడే వేరే కంపెనీలకు మారారు.

శారద గారు చెప్పినట్టు హోదాల కింద రాసుకున్నది చదివాను. ఇక్కడ ఒకటి స్పష్టంగా కనిపించింది. పై హోదాకు వెళ్లిన నలుగురూ ఈ కంపెనీలో చేసిన పని కింద హెచ్‌పీఎల్‌సీ మెషీన్ మీద అఫ్లటాక్సిన్ అనే బూజు విషం పరీక్షలు అని రాశారు. ఇద్దరు కారంలో కల్తీగా కలిపే సూడాన్ రంగుల పరీక్షలు కూడా రాశారు. అదే హోదాతో మారిన ఇద్దరి కింద లైన్ తనిఖీ, ప్యాకింగ్ తనిఖీ, రికార్డుల నిర్వహణ అని ఉంది. హోదా పేరు ఆరుగురికీ క్వాలిటీ ఎగ్జిక్యూటివే.

మస్తాన్ వలి

మీరు అసలు చోటికి వచ్చారు. ఆ పేరు కింద రెండు ఉద్యోగాలు ఉంటాయి. ఒకటి ల్యాబ్, ఒకటి లైన్.

యూరప్‌కు సరుకు వెళ్లాలంటే ఎండుమిర్చిలో అఫ్లటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 మైక్రోగ్రాములు దాటకూడదు. అంత సన్నని కొలత తీయాలంటే శాంపిల్ సరిగా తీయాలి, శుద్ధి చేయాలి, మెషీన్ మీద నడపాలి, వచ్చిన గ్రాఫు చదవాలి. ఈ పని చేతికి వచ్చినవాడిని మిర్చి, పసుపు, వేరుశనగ, ఏ ఎగుమతిదారుడైనా పిలుస్తాడు. లైన్ పని తేలికని నేను అనను. లోహపు ముక్కలు పట్టే డిటెక్టర్ సరిగా పనిచేస్తోందా, జల్లెడ చిరిగిందా, ఇవి చూడకపోతే కంటెయినర్ మొత్తం తిరిగి వస్తుంది. నేను వచ్చింది అటు నుంచే. కానీ లైన్‌లో నేర్చుకున్నది ఆ ఫ్యాక్టరీలోనే ఎక్కువగా చెల్లుతుంది, లోపల పైకి రావడానికి పనికి వస్తుంది. ల్యాబ్‌లో నేర్చుకున్నది బయట చెల్లుతుంది.

రవి

నలుగురు, ఇద్దరు అన్న అంకెల మీద ఇంత నిర్మించడం నాకు నచ్చడం లేదు. ఆ నలుగురికి ఎంటెక్‌లు ఉండవచ్చు. అందుకే ల్యాబ్‌లో వేశారేమో, అందుకే బయటా పెద్ద హోదా వచ్చిందేమో.

శారద

రవి గారు అడిగింది సరైన ప్రశ్న. హరితా, చదువులు చూశావా?

హరిత

నలుగురిలో ఒకరికి ఎంటెక్, ఒకరికి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, ఇద్దరికి నాలాగా బీటెక్. లైన్ ఇద్దరిలో ఒకరికి బీటెక్, ఒకరికి బీఎస్సీ.

రవి

అయితే కొంతవరకు చదువు కూడా ఉంది.

శారద

ఉంది, కాదనను. బీటెక్‌తో ల్యాబ్ నుంచి వెళ్లినవాళ్లు ఇద్దరు ఉన్నారు కాబట్టి దారి మూసి లేదని మాత్రం చెప్పవచ్చు. ఇంతకంటే ఈ ప్రొఫైళ్ల నుంచి పిండితే రాదు. ఇక మనుషులను అడగాలి. వెళ్లిపోయిన ఆ బీటెక్‌లలో ఒకరికి చిన్న సందేశం పంపు. కంపెనీ మంచిదా అని అడగవద్దు, ఎవరూ రాతలో జవాబివ్వరు. 'మీరు చేరినప్పుడు నేరుగా ల్యాబ్‌లో వేశారా, లైన్ నుంచి మారారా? మారితే ఎంతకాలానికి?' అని అడుగు. వాస్తవం అడిగితే జవాబు వస్తుంది.

హరిత

ఇద్దరికి రాశాను, ఒకరు జవాబిచ్చారు. ఆయన లైన్‌లోనే చేరారట. ఏడాది దాటాక ల్యాబ్‌లో ఒకరు మానేస్తే అప్పుడు మార్చారట. ల్యాబ్‌లో హెచ్‌పీఎల్‌సీ ఒకటే ఉండేది, దాని మీద ఇద్దరే పనిచేసేవాళ్లమన్నారు. 'లైన్‌లో ఉండగానే షిఫ్ట్ అయ్యాక ఆగి నేర్చుకున్నాను, అందుకే ఖాళీ రాగానే నన్ను అడిగారు' అని కూడా రాశారు.

హెచ్‌ఆర్‌ వాళ్లను ఫోనులో అడిగాను. ఆరు నెలలు లైన్‌లో ఉంటే తర్వాత ల్యాబ్‌కు మారుస్తామన్నారు. ఆఫర్ లెటర్‌లో రాయమంటే లెటర్ నమూనా అందరికీ ఒకటేనని, మార్చలేమని అన్నారు.

మస్తాన్ వలి

ఆరు నెలలన్న మాట నోటి మాట. సీజను మధ్యలో లైన్ నుంచి మనిషిని ఎవరూ వదలరు. మీరు డిసెంబరులో చేరితే ఆరు నెలలు అయ్యేసరికి యార్డు సెలవుల్లో ఉంటుంది, అప్పుడు అడిగితే వదిలే అవకాశముంది. సెప్టెంబరులో చేరితే ఆరో నెల సరిగ్గా సీజను నడుమ పడుతుంది.

శారద

లెటర్ మార్చకపోతే మెయిల్ అడుగు. 'ఫోనులో చెప్పినట్టు ఆరు నెలల తర్వాత ల్యాబ్‌కు మారుస్తారని అర్థం చేసుకున్నాను, సరైనదేనా?' అని నువ్వే రాయి. 'అవును' అన్న ఒక్క మాట వచ్చినా ఆ రోజున చూపించడానికి ఉంటుంది. జవాబే రాకపోతే అది కూడా జవాబే.

రవి

మెయిల్ ఉన్నా కుర్చీ ఖాళీ లేకపోతే ఏం చేస్తారు? ఇద్దరే ఉండే ల్యాబ్ అంటున్నారు. నాకైతే డెయిరీలోనే ఉండి, ఆ ఎంటెక్ సంగతి ఆలోచించడం మేలనిపిస్తోంది. మొదట చేరమన్నది నేనే, ఇప్పుడు ఈ వివరాలన్నీ చూశాక నా అభిప్రాయం మారింది.

నరసింహం

ఆ ఇద్దరిలో ఎవరు ముందు కదులుతారో తెలిస్తే నీ వంతు తెలుస్తుందమ్మా. నేను మొదట చెప్పింది కూడా ఇదే.

హరిత

నరసింహం గారూ, ఇప్పుడు మీరన్నది సరిగ్గా సరిపోయింది. అదే వెతికాను. పక్కన పెట్టిన తొమ్మిదిమందిలో సీజనువాళ్లను తీసేస్తే ఆరుగురు. వాళ్లలో ఇద్దరు ల్యాబ్ పని రాసుకున్నారు. అందులో ఒకరు ఈ కంపెనీలో పని ముగిసిన నెల రాసుకున్నారు, అది వీళ్లు ఉద్యోగ ప్రకటన వేయడానికి సరిగ్గా ముందు నెల. అంటే నన్ను పిలుస్తున్నది ల్యాబ్ ఖాళీకే కావచ్చు. లేదా లైన్ నుంచి ఒకరిని అప్పుడే ల్యాబ్‌లోకి మార్చి, ఆ లైన్ ఖాళీకి నన్ను తీసుకుంటూ ఉండవచ్చు. రెండోదే నిజమైతే ల్యాబ్‌లో మళ్లీ చోటు వచ్చేదాకా ఆరు నెలల మాట నిలవదు.

శుక్రవారం లోపు జవాబు చెప్పాలి. శారద గారు చెప్పిన మెయిల్‌లోనే ఇది కూడా కలిపి అడుగుతున్నాను: ఇప్పుడు ఖాళీ అయింది ఏ సీటు, ఇంతవరకు అందులో పనిచేసినవారు ల్యాబ్‌లో ఉన్నారా, లైన్‌లోనా అని.

మస్తాన్ వలి

అడగండి. దానితోపాటు రెండో హెచ్‌పీఎల్‌సీ కొనే ఆలోచన ఉందా అని కూడా అడగండి. మెషీన్ వస్తే దాని మీద కూర్చోవడానికి మనిషి కావాలి.